గంటలో రాయాల్సిన వ్యాసం: అత్యవసర అధికారాల మీద కోర్టుకు మాట ఉండాలా?

(గ్రూప్-1 మెయిన్స్‌కు తయారవుతున్న విద్యార్థుల కోసం జిల్లా గ్రంథాలయంలో ఒక విశ్రాంత రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

కూర్చోండి, కూర్చోండి. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఫ్యాను కింద ఇంకా చోటుంది. పొద్దున మీరు రాసిన కాగితాలన్నీ చదివాను. మార్కుల సంగతి చివర్లో చూద్దాం, ముందే చెబితే ఎవరూ వినరు. (నవ్వులు)

ప్రశ్న మీకు గుర్తుండే ఉంటుంది. "అత్యవసర అధికారాల వినియోగాన్ని న్యాయస్థానాలు సమీక్షించాలా? ఉభయ వాదనలను వివరించి, సహేతుకంగా ముగించండి." మూడు గంటల్లో మూడు వ్యాసాలు రాయాలి గనక దీనికి గంట. నేను కూడా రాత్రి చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టుకుని రాశాను. మధ్యలో మా ఆవిడ స్టవ్ మీద పాలు చూడమంది, లేవలేదు. పాలు పొంగిపోయాయి. వ్యాసం మాత్రం యాభై ఆరో నిమిషంలో అయింది. కాబట్టి ఇవాళ నేను చెప్పేది ఆ గంటలో నా బుర్రలో జరిగిన సంగతి.

మీ కాగితాల్లో సగానికి పైగా ఒకే తీరుగా మొదలయ్యాయి. 352 అంటే జాతీయ అత్యవసర పరిస్థితి, 356 అంటే రాష్ట్రపతి పాలన, 360 అంటే ఆర్థిక అత్యవసర పరిస్థితి, ఒక్కోదాని ఆమోదానికి ఎన్నాళ్లు, ఎంత మెజారిటీ... అలా రెండు పేజీలు. అన్నీ ఒప్పే. కానీ ప్రశ్న అది అడగలేదు కదా. ఇరవై నిమిషాలు అక్కడే కరిగిపోయాయి. ఒకబ్బాయి 1984లో రామారావుగారిని దించిన ఘట్టాన్ని 356కి ఉదాహరణగా రాశాడు. అక్కడ రాష్ట్రపతి పాలన పెట్టనే లేదు బాబూ. గవర్నర్ రామ్‌లాల్ ఆయన్ని తప్పించి నాదెండ్ల భాస్కరరావుగారి చేత ప్రమాణం చేయించారు. నెల తిరిగేసరికి రామారావుగారు మళ్లీ కుర్చీలో కూర్చున్నారు. అది గవర్నర్ విచక్షణాధికారం గొడవ. మన తెలుగువాళ్లకు బాగా తెలిసిన కథ గనక చేయి అటు పోతుంది. దిద్దేవాడికీ అది బాగా తెలుసు, అక్కడే దొరికిపోతాం.

నేను మొదటి ఎనిమిది నిమిషాలు కలం పట్టుకోలేదు. ప్రశ్నలో "వినియోగం" అన్న మాట దగ్గర ఆగిపోయాను. వినియోగం అంటే ఏది? అత్యవసర పరిస్థితి ఉందని ప్రకటించడమా? ప్రకటించాక ఎన్నాళ్లు ఉంచాలన్నదా? లేక ఆ ప్రకటన చూపించి ఫలానా రాత్రి ఫలానా మనిషిని ఇంట్లోంచి పట్టుకుపోవడమా? ఇవి మూడూ ఒకటి కావు. ఉభయ వాదనలు రాసేటప్పుడు ఎక్కువమంది బోల్తా కొట్టేది ఇక్కడే. ఒక పక్క వాదన మొదటిదాని గురించి చేస్తారు, రెండో పక్క వాదన మూడోదాని గురించి చేస్తారు. రెండూ ఎక్కడా ఢీకొనవు. చివరికి "రెండింటికీ సమతుల్యత అవసరం" అని రాసి చేతులు దులుపుకుంటారు.

విడదీసి చూస్తే ఎంత తేడా వస్తుందో మన చరిత్రలోనే చూడండి. చైనా యుద్ధం వచ్చినప్పుడు 1962 అక్టోబర్ 26న అత్యవసర పరిస్థితి ప్రకటించారు. ప్రకటించడం తప్పని ఆ రోజు ఏ జడ్జీ అనడు, అనకూడదు కూడా. నవంబర్‌లో కాల్పులు ఆగిపోయాయి. అత్యవసర పరిస్థితి ఎప్పుడు ఎత్తేశారు? 1968 జనవరిలో. 1971 డిసెంబర్ 3న పాకిస్తాన్‌తో యుద్ధం వస్తే మళ్లీ ప్రకటించారు. యుద్ధం పదమూడు రోజుల్లో ముగిసింది, ప్రకటన మాత్రం 1977 మార్చి దాకా ఉంది. 1975 జూన్ 25 రాత్రి ఇందిరాగాంధీ ప్రభుత్వం "అంతర్గత కల్లోలం" పేరుతో ఇంకోటి తెచ్చేనాటికి పాతది బతికే ఉంది. ఒకదాని మీద ఒకటి, రెండు దుప్పట్లు కప్పినట్టు. మీ కాగితాల్లో ఈ మాట ఒక్కరూ రాయలేదు. మొదలుపెట్టడానికి కారణం ఉండటం వేరు, ఇంకా కొనసాగించడానికి కారణం ఉండటం వేరని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ ఏం కావాలి?

సరే, ముందు కోర్టు జోక్యం వద్దనే వాదన. నాకు నచ్చని వాదన గనక దాన్నే ముందు, గట్టిగా రాశాను. ఎదుటివాడి వాదనను గడ్డిబొమ్మలా నిలబెట్టి కొడితే దిద్దేవాడు మెచ్చడు.

మామూలుగా రాసేవి రెండున్నాయి. ఒకటి సమాచారం. సరిహద్దులో ఏం జరుగుతోందో, నిఘా విభాగం ఏం చెప్పిందో జడ్జికి తెలియదు. తెలుసుకోవాలంటే ఆ కాగితాలు కోర్టులో పెట్టాలి, పెడితే రహస్యం పోతుంది. రెండు, బాధ్యత. జడ్జి అంచనా తప్పి దేశానికి నష్టం జరిగితే జడ్జిని ఎవరూ ఓడించలేరు, ప్రభుత్వాన్ని ఓడించవచ్చు. ఈ రెండూ మొదటి ప్రశ్నకు, అంటే ప్రకటనకు బాగానే సరిపోతాయి. 1971 డిసెంబర్ 3 సాయంత్రం మన విమానాశ్రయాల మీద బాంబులు పడుతుంటే, ఇది యుద్ధమా కాదా అని తొమ్మిది మంది జడ్జీలు కూర్చుని ఆలోచించడం కుదిరే పని కాదు.

కానీ వీటికన్నా లోతైన వాదన ఒకటుంది. అది అమెరికా సుప్రీంకోర్టు జడ్జి రాబర్ట్ జాక్సన్ 1944లో చెప్పింది. రెండో ప్రపంచ యుద్ధంలో పశ్చిమ తీరంలో ఉన్న జపాన్ సంతతి వాళ్లను, సుమారు లక్షా ఇరవై వేలమందిని, ఇళ్లు ఖాళీ చేయించి శిబిరాల్లో పెట్టారు. వాళ్లలో ఎక్కువమంది అమెరికాలోనే పుట్టిన పౌరులు. ఫ్రెడ్ కోరెమాట్సు అనే కాలిఫోర్నియా కుర్రాడు కదలనన్నాడు. శిక్ష వేశారు. సుప్రీంకోర్టు ఆరుగురు ఒక పక్క, ముగ్గురు ఒక పక్కగా చీలి, శిక్ష సరైనదే అంది. ఆ ముగ్గురిలో జాక్సన్ ఒకడు. ఆయన అన్నదాని సారాంశం చెబుతాను. సైన్యాధికారి రాజ్యాంగం మీరి ఒక ఉత్తర్వు ఇస్తే అది ఆ కాసేపటి సంఘటన, యుద్ధంతో పోతుంది. అదే ఉత్తర్వును కోర్టు పరిశీలించి "రాజ్యాంగబద్ధమే" అని ముద్ర వేస్తే అది సిద్ధాంతమై కూర్చుంటుంది. తూటా పెట్టిన తుపాకిలా అక్కడే పడి ఉంటుంది, అవసరం పేరు చెప్పి ఎవడైనా తీసి పేల్చవచ్చు.

ఈ వాదన ఎంత పదునైనదో గమనించారా? జడ్జీలు చేతగానివాళ్లని ఆయన అనడం లేదు. భయంగా ఉన్న రోజుల్లో జడ్జీలు కూడా మనుషులే, సర్కారు వైపే మొగ్గుతారు, కాబట్టి సమీక్ష అంటే చాలాసార్లు ఆమోదముద్రే అవుతుంది అంటున్నాడు. సమీక్ష కావాలనేవాళ్లు జవాబు చెప్పాల్సింది దీనికి. మీలో ఎవరైనా ఈ వాదన రాసి ఉంటే నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టేవాణ్ని.

దీనికి రెండు జవాబులున్నాయి. ఒకటి ఆ కేసులోనే దొరుకుతుంది. అంత చెప్పిన జాక్సన్ చివరికి ఏం చేశాడు? సైన్యం ఉత్తర్వు తప్పో ఒప్పో నేను తేల్చను గానీ, ఆ ఉత్తర్వు అమలుకు నా కోర్టును పనిముట్టు చేయొద్దు, కుర్రాణ్ని వదిలేయండి అన్నాడు. అంటే ప్రకటన జోలికి వెళ్లకపోయినా, కోర్టు ముందు నిలబడిన ఒక్క మనిషి సంగతి మాత్రం చూశాడు. నేను చెప్పిన మొదటి ప్రశ్ననూ మూడో ప్రశ్ననూ ఆయనే విడదీశాడన్నమాట. రెండో జవాబు 1983లో వచ్చింది. కోరెమాట్సు శిక్షను ఫెడరల్ కోర్టు కొట్టేసింది. కారణం? యుద్ధం రోజుల్లో తన వాదనకు అడ్డొచ్చే నివేదికలను ప్రభుత్వం సుప్రీంకోర్టుకు చూపించలేదని తేలింది. "మా దగ్గర సమాచారం ఉంది, మీకు తెలియదు" అన్న మొదటి వాదన ఏమైంది మరి? సమాచారం ఉంది నిజమే. అది వేరే మాట చెబుతోంది.

ఇక సమీక్ష కావాలనే వైపు. మీలో చాలామంది ఇక్కడ మౌలిక నిర్మాణం, అధికార విభజన, చట్టబద్ధ పాలన అని పెద్ద మాటలు పేర్చారు. నేను ఒకే కేసు తీసుకున్నాను. జబల్‌పూర్ అదనపు జిల్లా మేజిస్ట్రేట్ వర్సెస్ శివకాంత్ శుక్లా. అందరూ పేరు రాశారు, లోపల ఏముందో రాయలేదు.

1975 జూన్ 27న రాష్ట్రపతి 359వ అధికరణం కింద ఒక ఉత్తర్వు ఇచ్చారు. 14, 21, 22 అధికరణాల కింద ఉన్న హక్కుల కోసం ఎవరూ కోర్టుకు వెళ్లడానికి లేదని దాని సారం. ఆపాటికే మీసా చట్టం కింద వేలమందిని లోపల వేస్తున్నారు. ఎందుకు పట్టుకున్నారో చెప్పనక్కర్లేదని ఆ చట్టానికి సవరణ చేశారు. అయినా చాలా హైకోర్టులు హెబియస్ కార్పస్ పిటిషన్లు తీసుకున్నాయి. అవి అన్నది చిన్న మాట: అత్యవసర పరిస్థితి ఉందో లేదో మేం చూడం. ఈ నిర్బంధపు ఉత్తర్వు మీ మీసా చట్టం ప్రకారమే ఇచ్చారా, సంతకం పెట్టాల్సిన అధికారే పెట్టాడా, పట్టుకోవాల్సిన మనిషినే పట్టుకున్నారా, అది మాత్రం చూస్తాం. ప్రభుత్వం అది కూడా కుదరదని సుప్రీంకోర్టుకు వెళ్లింది.

అక్కడ వాదనల్లో జస్టిస్ ఖన్నా అటార్నీ జనరల్ నిరేన్ డేని ఒక ప్రశ్న అడిగారు. ఒక పోలీసు తన సొంత పగతో ఒక మనిషిని చంపేస్తే, అప్పుడు కూడా కోర్టులో దిక్కు లేదా? అటార్నీ జనరల్ ఏమన్నారంటే, నా వాదన ప్రకారమైతే, అత్యవసర పరిస్థితి ఉన్నంతకాలం లేదు.

ఒక్క నిమిషం ఈ జవాబు దగ్గర ఆగండి. దీన్ని దుర్మార్గుడి మాటలా చదవకండి. ఆయన ప్రశ్నను తప్పించుకోలేదు, తన వాదన ఎక్కడిదాకా పోతుందో నిజాయితీగా చెప్పాడు. సమీక్ష బొత్తిగా వద్దంటే తర్కం ఆ అంచుకే చేరుతుంది, మధ్యలో ఆగడానికి మెట్టు లేదు. నా వ్యాసంలో మలుపు తిరిగింది ఈ ప్రశ్న దగ్గరే. సైన్యం సమాచారం, రహస్యం, ప్రజలకు జవాబుదారీ, పైన చెప్పిన కారణాల్లో ఏ ఒక్కటైనా ఆ పోలీసు చేసిన హత్యకు వర్తిస్తుందా? వర్తించదు. అంటే వద్దనే వాదన మొదటి ప్రశ్నకు బలంగా ఉండి, మూడో ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి కాళ్లు లేకుండా పోయింది.

1976 ఏప్రిల్ 28న తీర్పు వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి రే, బేగ్, చంద్రచూడ్, భగవతి, నలుగురూ ప్రభుత్వానిదే సరి అన్నారు. ఖన్నా ఒక్కరే కాదన్నారు. జస్టిస్ బేగ్ తన తీర్పులో, నిర్బంధంలో ఉన్నవాళ్లకు మంచి తిండి, మంచి వసతి ఇస్తున్నారని, వాళ్ల పట్ల ప్రభుత్వం చూపుతున్న శ్రద్ధ దాదాపు తల్లి ప్రేమలాంటిదని రాశారు.

సరిగ్గా అప్పటికి రెండు నెలల కింద, మార్చి 1న, కేరళలో కాలికట్ రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థి రాజన్‌ను పోలీసులు పట్టుకుపోయారు. తండ్రి ఈచర వారియర్, హిందీ లెక్చరర్. ఆయన తిరగని ఆఫీసు లేదు, రాయని అర్జీ లేదు. మీ అబ్బాయి మా దగ్గర ఉన్నాడని గానీ, లేడని గానీ చెప్పే నాథుడు లేడు. 1977 మార్చిలో అత్యవసర పరిస్థితి ఎత్తేసిన కొన్నాళ్లకే ఆయన కేరళ హైకోర్టులో హెబియస్ కార్పస్ వేశారు. కోర్టు అబ్బాయిని తెచ్చి చూపించమంది. ఏడాది పైగా తండ్రికి దొరకని జవాబు కొద్ది వారాల్లో బయటపడింది. అబ్బాయి పోలీసుల చేతుల్లోనే చనిపోయాడని ప్రభుత్వం ఒప్పుకోవాల్సి వచ్చింది. అత్యవసర రోజుల్లో హోం మంత్రిగా ఉండి అప్పుడే ముఖ్యమంత్రి అయిన కరుణాకరన్ ఏప్రిల్‌లోనే రాజీనామా చేశారు. ఆ వారాల్లో కోర్టు చేసిందల్లా "మనిషిని చూపించు" అనడం. ఆ మాట 1976 మార్చిలోనే అడగగలిగే వీలుంటే ఏమయ్యేదో నేను రాయలేదు, ఎవరూ రాయలేరు. రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి వదిలేశాను.

ఇక్కడికి నాకు ముప్ఫై ఐదు నిమిషాలు అయ్యాయి.

(ఒక విద్యార్థిని: సార్, పార్లమెంటు ఉంది కదా, అది ఆమోదించాలి కదా? కోర్టు ఎందుకు అని రాయకూడదా?)

రాయొచ్చమ్మా, రాయాలి కూడా. పార్లమెంటే సరైన తనిఖీ అన్నది గౌరవమైన వాదన. కానీ 1975లో ఆ పార్లమెంటు ఆమోదించినప్పుడు ప్రతిపక్ష సభ్యులు ఎక్కడున్నారు? చాలామంది జైల్లో ఉన్నారు. అదే ఏడాది 38వ సవరణ తెచ్చి, రాష్ట్రపతి సంతృప్తే తుది మాట, కోర్టులో ప్రశ్నించరాదు అని రాజ్యాంగంలోనే రాసేశారు. తర్వాత 1978లో 44వ సవరణతో ఆ మాట తీసేశారు. "అంతర్గత కల్లోలం" పోయి "సాయుధ తిరుగుబాటు" వచ్చింది. కేబినెట్ రాతపూర్వకంగా చెబితేనే రాష్ట్రపతి ప్రకటించాలన్నారు, ఎందుకంటే 1975లో సంతకం రాత్రి అయిపోయింది, కేబినెట్‌కు తెలిసింది తెల్లారాక. నెలలోపు పార్లమెంటు ప్రత్యేక మెజారిటీతో ఒప్పుకోవాలి, ఆరు నెలలకోసారి మళ్లీ అడగాలి. 20, 21 అధికరణాలను ఏ పరిస్థితిలోనూ ఆపడానికి లేదు. గమనించావా? నేను చెప్పిన మూడు ప్రశ్నల్లో రెండోది, ఎన్నాళ్లు ఉంచాలన్నది, ఈ సవరణ పార్లమెంటుకు అప్పగించింది. మూడోది, మనిషి ప్రాణం, స్వేచ్ఛ, కోర్టు చేతిలో వదిలింది. సామానంతా సర్ది పెట్టి ఉంది, మనం అలమర తలుపు తీస్తే చాలు.

మరి మొదటి ప్రశ్న? ప్రకటననే కోర్టు చూడొచ్చా? దీనికి 352 కింద అనుభవం తక్కువ, 356 కింద బోలెడుంది. అందుకని నేను బొమ్మై కేసుకు వెళ్లాను. ఇందులో మనవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు గనక కాస్త తీరిగ్గా చెబుతాను.

1989 ఏప్రిల్, కర్ణాటక. ముఖ్యమంత్రి బొమ్మై. గవర్నర్ మన పెండేకంటి వెంకటసుబ్బయ్యగారు. పంతొమ్మిది మంది ఎమ్మెల్యేలు మద్దతు ఉపసంహరించుకున్నట్టు లేఖలు గవర్నర్‌కు చేరాయి. ఆయన 19న రాష్ట్రపతికి నివేదిక పంపారు. మర్నాడు ఆ పంతొమ్మిది మందిలో ఏడుగురు, మమ్మల్ని నమ్మించి సంతకాలు తీసుకున్నారు, మేం ప్రభుత్వంతోనే ఉన్నాం అని మళ్లీ రాశారు. బొమ్మై, సభ పిలవండి, బలం చూపిస్తాను అన్నారు. గవర్నర్ వినలేదు, ఇంకో నివేదిక పంపారు. 21న రాష్ట్రపతి పాలన వచ్చేసింది.

ఈ కథలో రహస్యం ఏమైనా ఉందా? సరిహద్దు ఉందా, నిఘా సమాచారం ఉందా? ఎన్ని చేతులు లేస్తాయో లెక్కపెట్టడమే కదా! రాజ్‌భవన్‌లో కూర్చుని లేఖలు ఎంచడం కన్నా సభలో తలలు ఎంచడం సులువు. తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం 1994 మార్చి 11న చెప్పింది అదే. బలం తేలాల్సింది సభలో. ఆ బెంచిలో మన జస్టిస్ జీవన్ రెడ్డి, జస్టిస్ కె. రామస్వామి ఉన్నారు. తీర్పులో ప్రధానమైన అభిప్రాయాల్లో ఒకటి జీవన్ రెడ్డిగారు రాసిందే.

మీకు పనికొచ్చేది, సమీక్ష ఎంతవరకు అన్న గీత వాళ్లు ఎక్కడ గీశారన్నది. కోర్టు చూసేవి ఇవి: ప్రభుత్వం దగ్గర అసలు ఏదైనా ఆధారం ఉందా, ఉన్న ఆధారానికి ఈ చర్యకు సంబంధం ఉందా, దురుద్దేశంతో చేశారా. ఆ ఆధారం చాలినంత ఉందా లేదా అన్నది చూడదు. అది ప్రభుత్వం పని. 74వ అధికరణం ప్రకారం మంత్రులు రాష్ట్రపతికి ఏ సలహా ఇచ్చారో కోర్టు అడగకూడదు కదా అన్నారు. నిజమే, సలహా అడగం, ఆ సలహాకు ఆధారమైన కాగితాలు మాత్రం అడుగుతాం అంది కోర్టు. వంట ఎలా చేశావని అడగను, పొయ్యి మీద గిన్నె ఉందో లేదో చూస్తాను అన్నట్టు. జడ్జికి సమాచారం ఉండదు అనే వాదనకు ఇది సరైన సమాధానం. ఎందుకంటే ఇక్కడ జడ్జి తన అంచనాను ప్రభుత్వం అంచనా స్థానంలో పెట్టడం లేదు. అదే తీర్పులో కర్ణాటక, మేఘాలయ, నాగాలాండ్ ప్రకటనలు చెల్లవన్నారు, మధ్యప్రదేశ్, రాజస్థాన్, హిమాచల్ ప్రదేశ్ ప్రకటనలు చెల్లుతాయన్నారు. అంటే గీత ఏదో ఒకవైపే వంగి లేదు. ఇంకోటి, పార్లమెంటు ఆమోదించేదాకా అసెంబ్లీని రద్దు చేయకూడదు, నిద్రపుచ్చాలంతే అన్నారు. 2014లో మన అసెంబ్లీని సుప్తచేతనావస్థలో పెట్టారని పేపర్లలో చదివారు కదా, ఆ మాట వెనక ఉన్నది ఇదే.

ఇక్కడిదాకా రాసి ఆపేస్తే మంచి మార్కులే వస్తాయి. కానీ నాకు ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉంది, ఇంకా పద్నాలుగు నిమిషాలున్నాయి. బొమ్మై ప్రభుత్వం పోయింది 1989లో. పోయింది తప్పని తేలింది 1994లో. ఆయనకు ఏం ఒరిగింది? మధ్యలో ఎన్నికలే జరిగిపోయాయి.

బిహార్ చూడండి. 2005 ఫిబ్రవరి ఎన్నికల్లో ఎవరికీ మెజారిటీ రాలేదు. ఎవరో ప్రభుత్వం ఏర్పాటు చేయబోతున్నారని, అది ఫిరాయింపులతో జరుగుతోందని గవర్నర్ బూటా సింగ్ నివేదిక పంపారు. మే 23న అసెంబ్లీ రద్దయింది. రాష్ట్రపతి కలాంగారు మాస్కోలో ఉంటే కాగితం అక్కడికే ఫ్యాక్సులో వెళ్లింది. అక్టోబర్ 7న సుప్రీంకోర్టు ఆ రద్దు రాజ్యాంగ విరుద్ధం అంది. కానీ ఎన్నికల ప్రక్రియ మొదలైపోయింది గనక పాత సభను తిరిగి నిలబెట్టం అంది. ఎందుకు విరుద్ధమో కారణాలు 2006 జనవరిలో వచ్చాయి. కేసు గెలిచారు, సభ పోయింది. రోగి పోయాక రోగం ఏమిటో తేల్చిన వైద్యం.

దీని పక్కన 2016 ఉత్తరాఖండ్ పెట్టండి. మార్చి 27న రాష్ట్రపతి పాలన. ఏప్రిల్ 21న హైకోర్టు కొట్టేసింది, మర్నాడే సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. కానీ అక్కడితో చేతులు కట్టుకు కూర్చోలేదు. సభలో బలపరీక్ష పెట్టండి, మా పర్యవేక్షణలో పెట్టండి అంది. మే 10న చేతులు లెక్కపెట్టారు, మర్నాడు రాష్ట్రపతి పాలన ఎత్తేశారు. ఆరున్నర వారాలు. ఎవరి అంచనా సరైనదో కోర్టు తేల్చలేదు, తేలే చోటుకు విషయాన్ని పంపింది, అది కూడా వేళకు పంపింది.

అందుకని నా ముగింపులో, సమీక్షించాలా వద్దా అన్నదానికన్నా ఎప్పుడు అన్నదానికి ఎక్కువ చోటిచ్చాను. ప్రకటన మీద తేలికపాటి సమీక్ష చాలు, బొమ్మై గీత దాటనక్కర్లేదు. యుద్ధం విషయంలో ఆ గీత దగ్గరికి కూడా కోర్టు నెమ్మదిగానే వెళ్లాలి. కొనసాగింపు పార్లమెంటుది. మనిషిని పట్టుకున్నారంటే మాత్రం కోర్టు తలుపు ఒక్క రోజు కూడా మూయకూడదు. వీటిలో దేనికైనా విచారణ ఏళ్లు పట్టేట్టుంటే, తిరిగి సరిదిద్దలేని పని, అంటే అసెంబ్లీ రద్దు లాంటిది, తీర్పు వచ్చేదాకా జరగకుండా మధ్యంతర ఉత్తర్వు ఇవ్వాలి. బొమ్మై తీర్పులోనే ఆ దారి ఉంది, కోర్టులు ఆ దారిన తక్కువగా నడిచాయి. జాక్సన్ భయానికి కూడా ఇక్కడే ఒక వాక్యం రాశాను: భయం వేడి మీద ఉన్నప్పుడు కోర్టు పెద్ద సిద్ధాంతాలు చెప్పకుండా, ఎదురుగా ఉన్న మనిషి సంగతి, జారిపోతున్న గడువు సంగతి చూస్తే, తూటా పెట్టిన తుపాకీ మిగలదు.

(ఒక విద్యార్థి: సార్, జబల్‌పూర్ తీర్పును తర్వాత కొట్టేశారని రాయాలా?)

ఒక్క వాక్యం చాలు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది బెంచి అది తప్పు తీర్పని చెప్పింది. ఆ మాట రాసిన వారిలో నాటి జస్టిస్ చంద్రచూడ్ కొడుకు, జస్టిస్ డి.వై. చంద్రచూడ్ ఉన్నారు. తండ్రి తీర్పును కొడుకు కొట్టేశాడని సగంమంది ఒక పేరా రాశారు. వినడానికి బాగుంటుంది, ప్రశ్నకు అది ఏ పక్కా నిలబడదు. ఆ పేరా చోటులో, 1977 జనవరిలో ఖన్నాగారి సీనియారిటీని దాటేసి బేగ్‌గారిని ప్రధాన న్యాయమూర్తిని చేస్తే ఆయన రాజీనామా చేశారని రాయండి. అది వద్దనే పక్షానికి పనికొస్తుంది, ఆశ్చర్యంగా లేదూ? కోర్టు సమీక్ష మీద అంత ఆశ పెట్టుకోవద్దు, సమీక్షించే జడ్జి కుర్చీ కూడా ప్రభుత్వం చేతిలోనే ఉంటుంది అని వాళ్లు అనొచ్చు. నా వ్యాసంలో దీనికి జవాబు రాయలేదు. నాలుగు నిమిషాలు మిగిలాయి గానీ, నాలుగు నిమిషాల్లో రాసే జవాబు నా దగ్గర లేదు.

సరే, కాగితాలు తీసుకోండి. పేరు పిలిచినవాళ్లు వచ్చి పట్టుకెళ్లండి, మార్జిన్‌లో ఎర్ర సిరాతో 1, 2, 3 అని వేశాను. మీ వాక్యం ఆ మూడు ప్రశ్నల్లో దేనికి జవాబో ఆ అంకె. అంకె లేని పేరాలు కొట్టేసి, మిగిలినవాటితో రేపు పొద్దున మళ్లీ గంట పెట్టుకుని రాయండి.